డాక్యుమెంటరీ ఇంటర్వ్యూ ఎలా ప్లాన్ చేయాలి: ప్రశ్నల వరస, నమ్మకం, కట్‌అవే షాట్లు

డాక్యుమెంటరీ తీయాలనుకునే వాళ్ళు నాకు ఎక్కువగా పంపేది ప్రశ్నల జాబితా. ముప్ఫై ప్రశ్నలు రాసి, ఇవి సరిపోతాయా అని అడుగుతారు. చాలా జాబితాల్లో మొదటి ప్రశ్న ‘మీ గురించి చెప్పండి’, చివరి ప్రశ్న ‘యువతకు మీరిచ్చే సందేశం ఏమిటి’. ఈ రెంటి మధ్యా ఎన్ని ప్రశ్నలున్నా ఎడిటింగ్ టేబుల్ దగ్గర వచ్చే ఇబ్బంది ఒకటే. మాటలు బోలెడు ఉంటాయి, వాటి మీద వేయడానికి బొమ్మలు, అంటే కట్‌అవే షాట్లు, ఉండవు. అందుకే ప్రశ్నల్నీ, తీయాల్సిన షాట్లనీ ఒకే కాగితం మీద కలిపి ప్లాన్ చేయమని చెబుతాను. ఈ వ్యాసమంతా ఆ కాగితం ఎలా తయారు చేయాలి, దాన్ని పట్టుకుని ఒక ఉదయం ఎలా గడపాలి అన్నదే.

ఉదాహరణకి ఒక మనిషిని అనుకుందాం. చెన్నై వడపళనిలో చిన్న షాపు ఉన్న తెలుగు టైలర్ మాస్టర్. వయసు డెబ్బై దాటింది. కుర్రతనంలో మద్రాసు వచ్చి, సినిమా కాస్ట్యూమ్‌లు కుట్టాడు. తెలుగు సినిమా మెల్లమెల్లగా హైదరాబాద్ తరలిపోయింది, ఆయన మాత్రం ఇక్కడే ఉండిపోయాడు. ఆయన మీద ఎనిమిది నిమిషాల సినిమా తీయాలి. మీరు ఇద్దరు, కెమెరా ఒకటి. ఆయన ఇవ్వగలిగింది ఒక ఉదయం, మరో రోజు కాసేపు.

కావలసినవి

- కెమెరా గానీ మంచి ఫోన్ గానీ, దానికి తగ్గ ట్రైపాడ్.
- కాలర్‌కి పెట్టే మైకు. వైర్ ఉన్నదైతే బ్యాటరీ, సిగ్నల్ టెన్షన్ తక్కువ.
- చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్లు. డబ్బు తక్కువైతే లెన్స్ మీద తగ్గించుకోండి గానీ దీని మీద వద్దు.
- అదనపు బ్యాటరీ, అదనపు కార్డు.
- అనుమతి పత్రం రెండు కాపీలు, ఆయన చదవగలిగే భాషలో. చెన్నైలో పెరిగిన తెలుగువాళ్ళలో మాట తెలుగే అయినా చదవడం తమిళమే వచ్చినవాళ్ళు చాలామంది. ముందే అడిగి తెలుసుకోండి.
- ఒక నోటు పుస్తకం.
- కెమెరా, సౌండ్ చూసుకోవడానికి రెండో మనిషి. అడిగేవాళ్ళే కెమెరా కూడా చూసుకుంటే కళ్ళు స్క్రీన్ వైపే పోతాయి, ఎదుటివాళ్ళకి అది వెంటనే తెలిసిపోతుంది.

1. మొదటిసారి కెమెరా లేకుండా వెళ్ళండి

ఎవరి ద్వారా పరిచయమైతే వాళ్ళని మొదటిసారి వెంట తీసుకెళ్ళండి. ఇంటర్వ్యూ రోజు మాత్రం తీసుకెళ్ళకండి. తెలిసిన మనిషి గదిలో ఉంటే పెద్దాయన చూపు అటే పోతుంది, ‘నీకు తెలుసుగా’ అని సగం చెప్పి ఆపేస్తాడు.

మీరు ఆయన్ని ఇంటర్వ్యూ చేసే ముందు ఆయన మిమ్మల్ని చేస్తాడు. ఏ ఊరు, ఎవరబ్బాయివి, ఎవరమ్మాయివి, మద్రాసులో ఎన్నాళ్ళుగా ఉంటున్నావు, ఇదంతా చేస్తే నీకేం వస్తుంది. ఈ ప్రశ్నల్ని తొందరగా దాటేయకండి. దేనికైనా పూర్తిగా, నిజంగా జవాబివ్వండి. ముఖ్యంగా ‘నీకేం వస్తుంది’ అన్నదానికి. కాలేజీ ప్రాజెక్టు అయితే అదే చెప్పండి, ఫెస్టివల్‌కి పంపాలనుకుంటే అదీ చెప్పండి. కాఫీ ఇస్తే తాగండి. షాపులో బట్టల్ని, కత్తెర్లని మీ అంతట మీరు ముట్టుకోకండి, చూడొచ్చా అని అడగండి.

ఈ సందర్శనలో చూడాల్సినవి మూడు. ఒకటి, ఆయన రోజు ఎలా నడుస్తుందో: ఎప్పుడు షాపు తెరుస్తాడు, ఎప్పుడు కునుకు తీస్తాడు, ఏ వేళ గిరాకీ వస్తుంది. రెండు, వెలుగు ఎటు నుంచి వస్తుంది, ఏ చప్పుళ్ళున్నాయి. మూడు, ఆయన మాటల్లో మళ్ళీ మళ్ళీ వచ్చే వస్తువులేమిటి. కొలతల పుస్తకం, పాత మిషను, గోడ మీది ఫొటో, ఇలాంటివి. మీ షాట్ల జాబితా మొదలయ్యేది ఇక్కడే.

ఒక హెచ్చరిక. అసలు కథ ఈ రోజే చెప్పించుకోకండి. మొదటిసారి చెప్పినప్పుడున్న ఊపు రెండోసారి రాదు. పైగా కెమెరా ముందు ‘మొన్న చెప్పాను కదా బాబూ, అదే’ అని ముగించేస్తాడు. తనంతట తనే చెప్పబోతే మర్యాదగా ఆపండి: ‘మాస్టారూ, ఇది మీరు చెబుతుండగానే రికార్డు చేయాలి. ఆ రోజుకి దాచండి.’ చాలామంది దీన్ని గౌరవంగానే తీసుకుంటారు. నోటు పుస్తకంలో ‘మిషన్ అమ్మిన సంగతి’ అని ఒక్క ముక్క రాసుకుంటే చాలు.

2. ఎక్కడ చూపిస్తారో ముందే చెప్పండి, తర్వాతే సంతకం అడగండి

సంతకం విషయం షూటింగ్ రోజు హడావిడిలో పెట్టుకోవద్దు. మొదటిసారి గానీ, మధ్యలో ఒకసారి వెళ్ళి గానీ పత్రాన్ని గట్టిగా చదివి వినిపించండి. అందులో ఉండాల్సినవి: సినిమా దేని గురించి, ఎక్కడెక్కడ చూపిస్తారు, ఆయన ఇచ్చే ఫొటోలు వాడుకోవచ్చా, ఏదైనా మాట వద్దనుకుంటే ఎప్పటిలోగా చెప్పాలి. యూట్యూబ్‌లో పెడితే ఎవరైనా చూడొచ్చు, బంధువులు, పాత యజమానులు కూడా చూస్తారు అని విడమరచి చెప్పండి. ఒక కాపీ ఆయన దగ్గరే ఉండాలి.

డబ్బు విషయం కూడా ఇక్కడే తేల్చుకోండి. జవాబులకి డబ్బివ్వడం నాకు ఇష్టం ఉండదు, మీకు కావలసిన మాటే చెప్పాలన్న బరువు ఆయన మీద పడుతుంది. కానీ మీ కోసం ఒక పూట షాపు మూస్తే ఆ పూట కూలి ఇవ్వడం న్యాయం. అది షాపు మూసినందుకేననీ, ఏం చెప్పినా చెప్పకపోయినా ఇస్తామనీ ముందే స్పష్టం చేయండి.

3. ప్రశ్నల వరస: చేతి పనితో మొదలుపెట్టండి

ఒక కాగితం తీసుకుని నిలువుగా గీత గీయండి. ఎడమ వైపు ప్రశ్న, కుడి వైపు ఆ జవాబు మీద ఏ బొమ్మ వేస్తారో. కుడి వైపు ఖాళీగా ఉండిపోయిన ప్రశ్నని మార్చి రాయండి. బొమ్మ తట్టని ప్రశ్నకి సాధారణంగా జవాబు కూడా గాల్లోనే వస్తుంది.

మన మాస్టర్‌కి వరస ఇలా ఉండొచ్చు.

*మొదటి పది నిమిషాలు, పని.* ‘చొక్కాకి కొలత తీసేటప్పుడు టేపు మొదట ఎక్కడ పెడతారు?’ ‘టాకా ఎక్కడెక్కడ వేస్తారు? ఎప్పుడు విప్పేస్తారు?’ ఈ విషయం ఆయనకి తెలిసినంత గదిలో ఎవరికీ తెలియదు, తప్పు చెబుతానేమో అన్న భయం ఉండదు. చేతులు కదులుతాయి, గొంతు కుదుటపడుతుంది. కెమెరా పక్కనున్న మనిషి కూడా ఈ సమయంలోనే సౌండ్ సరిచూసుకుంటాడు.

*తర్వాత, రాక.* ‘మద్రాసులో రైలు దిగాక ఎక్కడికి వెళ్ళారు?’ ‘మొదటి రాత్రి ఎక్కడ పడుకున్నారు?’ ‘పని ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఆయన మొదట ఏం చేయమన్నాడు?’ చాలా షాపుల్లో కొత్త కుర్రాడికి మొదట కాజాలు కుట్టడమో, బొత్తాలు పెట్టడమో ఇచ్చేవారు. ఆ వివరం వస్తే అది ఇప్పటికీ ఆయన చేతుల్లో తీయగలిగిన షాట్.

*ఆ తర్వాత, మంచి రోజులు.* ఇక్కడ ‘ఆ రోజులు ఎలా ఉండేవి?’ అంటే ‘బ్రహ్మాండంగా ఉండేవి’ అనే జవాబే వస్తుంది. దాని బదులు ‘ఫైట్ సీనుకి ఒకే చొక్కా నాలుగైదు ఎందుకు కుట్టాలి?’ అని అడగండి. శుభ్రంగా ఉన్నదొకటి, మాసిందొకటి, చిరిగి నెత్తురు మరక పడిందొకటి, డూప్‌కి ఆయన కొలతల్లో మరొకటి అని మొదలై, ఏ హీరోకి భుజం ఎంత అన్నదాకా కథ నడుస్తుంది.

*సుమారు మూడింట రెండు వంతులు గడిచాక, కష్టమైన చోటు.* అందరూ తప్పు చేసేది ఇక్కడే. కొందరు అయిదో నిమిషంలోనే అడిగేస్తారు, మనిషి ముడుచుకుపోతాడు. కొందరు చివరికి దాచుకుంటారు, అప్పటికి ఆయన అలిసిపోతాడు, లేదా గిరాకీ వస్తుంది, లేదా భోజనానికి పిలుపొస్తుంది. గంటన్నర ఇంటర్వ్యూ అనుకుంటే యాభై, అరవై నిమిషాల మధ్య దీన్ని తాకండి.

అడిగే తీరులోనే తేడా ఉంది. ‘సినిమా వాళ్ళంతా హైదరాబాద్ వెళ్ళిపోతే బాధ అనిపించిందా?’ అని అడిగితే ‘ఏం చేస్తాం బాబూ, కాలం’ అంటాడు. అది నిజమే, కానీ దాంతో తలుపు మూసుకుపోయింది. ఇలా అడిగి చూడండి:

‘షాపులో అప్పుడు మిషన్లు ఎన్ని ఉండేవి మాస్టారూ?’

‘ఆరు.’

‘మొదట ఏది అమ్మారు?’

‘ఆ గోడ పక్కన ఉండేది. మంచిది. మంచిది గనకే ముందు పోయింది.’

‘ఎవరొచ్చి తీసుకెళ్ళారు?’

ఇక ఆయన చెబుతూ పోతాడు. ఎవరు మోశారు, ఎంతకి ఇచ్చాడు, ఆ రాత్రి ఇంట్లో ఏమన్నాడు, ఏం అనలేదు. నేల మీద మిషను కాళ్ళ గుర్తులు ఇప్పటికీ ఉన్నాయని చెప్పొచ్చు. బాధ గురించి మీరు అడగలేదు, అయినా అదంతా వచ్చేసింది. పైగా తీయడానికి నేల మీద నాలుగు గుర్తులు దొరికాయి.

*చివరి పావుగంట, దిగడం.* కష్టమైన చోట నుంచి సరాసరి ‘థాంక్యూ మాస్టారూ’ అని మైకు తీసేయకండి. మనిషిని ఆ చోటనే వదిలేసి వెళ్ళిపోయినట్టు అవుతుంది. ‘ఇప్పుడు పొద్దున షాపు తెరవగానే మొదట ఏం చేస్తారు?’ ‘ఈ వీధిలో ఎవరికి కుడుతున్నారు?’ లాంటి ప్రశ్నలతో ఇవాళ్టికి తీసుకురండి. చివరిగా ‘నేను అడగకుండా వదిలేసింది ఏమైనా ఉందా?’ అని అడిగి ఆగండి. ఇంటర్వ్యూ అయిపోయిందని చెప్పాక కూడా ఒకట్రెండు నిమిషాలు రికార్డింగు నడవనివ్వండి, ఇంకా రికార్డు అవుతోందని మాత్రం ఆయనకి చెప్పి. భారం దిగాక వచ్చే మాటలు బాగుంటాయి, కానీ తెలియకుండా తీసిన మాట వాడుకునే హక్కు మీకు లేదు.

మొత్తం పన్నెండు, పదిహేను ప్రశ్నలకి మించి అక్కర్లేదు. వాటిని కంఠతా పట్టండి. కాగితం ఒళ్ళో పెట్టుకుని మాటిమాటికీ చూస్తే, తన జవాబు కంటే మీ తర్వాతి ప్రశ్నే ముఖ్యమని ఆయనకి అనిపిస్తుంది.

4. తెలుగులో అడిగేటప్పుడు వచ్చే మూడు చిక్కులు

మొదటిది ఊఁ కొట్టడం. మనకి పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే ఊఁ కొట్టడం మర్యాద. కానీ మీ ‘ఊఁ’, ‘అవునా’, ‘అయ్యో’ అన్నీ ఆయన మాట మీద పడి రికార్డవుతాయి, ఎడిట్‌లో తీయలేరు. తల ఊపండి, కళ్ళలోకి చూడండి. ముందే చెప్పి పెట్టండి: ‘మాస్టారూ, నేను ఊఁ కొట్టకపోతే వినట్లేదనుకోవద్దు, నా గొంతు పడకూడదని.’ చెప్పకపోతే రెండో నిమిషంలో ఆయనకే అనుమానం వచ్చి ‘వింటున్నావా?’ అంటాడు.

రెండోది ‘ఆయన’. గౌరవం కొద్దీ పేరు చెప్పకుండా ‘ఆయన పిలిచాడు, ఆయన ఇమ్మన్నాడు’ అనే అలవాటు పెద్దవాళ్ళకి ఎక్కువ. ఆ సంభాషణలో ఉన్న మీకు అర్థమవుతుంది. సినిమా చూసేవాళ్ళకి ఆ ఆయన నిర్మాతో, గురువో, బావగారో తెలియదు. జవాబు పూర్తయ్యాక ‘ఆయన అంటే ఎవరు మాస్టారూ? పేరు చెప్పి ఆ ముక్క ఇంకోసారి చెబుతారా?’ అని అడగండి. మధ్యలో ఆపకండి. తెలుగులో కర్త లేకుండానే వాక్యం నడిచిపోతుంది కాబట్టి ‘వచ్చేశాను, ఇచ్చేశారు, అయిపోయింది’ అన్న జవాబులు మీ ప్రశ్న తీసేస్తే అర్థం కావు. ‘మిషన్ అమ్మిన రోజు గురించి చెప్పండి’ అన్నట్టు అడిగితే, జవాబు ‘మిషన్ అమ్మిన రోజు...’ అని మొదలయ్యే అవకాశం ఎక్కువ.

మూడోది భాష. చెన్నైలో నలభై, యాభై ఏళ్ళున్న తెలుగువాళ్ళ మాటల్లో తమిళం కలిసి వస్తుంది. దాన్ని సరిదిద్దకండి, ‘తెలుగులో చెప్పండి’ అని అసలే అనకండి. ఆ మాటే ఆయన ఎక్కడ బతికాడో చెబుతుంది. అర్థం కాని చోట సబ్‌టైటిల్ వేసుకోవచ్చు. మిమ్మల్ని చూసి పుస్తకాల తెలుగు మాట్లాడడం మొదలుపెడితే, మీరే కాస్త సడలించి మాట్లాడండి.

ఇంకొకటి, నిశ్శబ్దం. జవాబు ఆగగానే తర్వాతి ప్రశ్న వేయకండి. మనసులో అయిదు లెక్కపెట్టండి. చాలాసార్లు మూడో అంకె దగ్గర ‘ఇంకోటేంటంటే...’ అని మొదలవుతుంది.

5. గది సిద్ధం చేసుకోండి

చెన్నైలో ఇంటర్వ్యూని పాడుచేసేది ముందు ఫ్యాను. పాత ఫ్యాను కింద మైకు పెడితే గాలి మోత, కటకట అన్నీ మాటల కింద నిలిచిపోతాయి. ఆపితే మాస్టర్‌కి చెమటలు. అందుకే పొద్దున ఏడింటికల్లా మొదలుపెట్టండి, మార్చి నుంచి జూన్ దాకా అయితే తప్పనిసరిగా. ఇరవై నిమిషాలకోసారి ఆపి, ఫ్యాను వేసి, మంచినీళ్ళు ఇవ్వండి. పెద్దవాళ్ళు మొహమాటంతో అడగరు.

తర్వాత ఫ్రిజ్. అది షాపుకి ఆనుకున్న ఇంట్లో ఉన్నా వినిపిస్తుంది. ఇంటావిడని అడిగి ఆపండి. ఆపాక మీ బండి తాళం ఆ ఫ్రిజ్‌లోనే పెట్టండి. తాళం లేకుండా మీరు ఇంటికి వెళ్ళలేరు గనక మళ్ళీ వేయడం మర్చిపోరు. ఆర్కాట్ రోడ్డుకి దగ్గరైతే బస్సులూ, మెట్రో పనుల మోతా ఉంటాయి. వీధి వైపు తలుపు దగ్గరకి వేసి, మంచం మీది దుప్పటి మైకు వెనక గోడకి వేలాడదీసినా మోత కొంత తగ్గుతుంది.

కూర్చోబెట్టేటప్పుడు మీ కళ్ళు, ఆయన కళ్ళు, లెన్స్ దాదాపు ఒకే ఎత్తులో ఉండాలి. మీరు లెన్స్‌కి ఆనుకున్నంత దగ్గరగా, ఒక పక్కన కూర్చోండి. దూరంగా కూర్చుంటే ఆయన పక్కకి చూస్తున్నట్టు పడుతుంది. చక్రాలున్న ఆఫీసు కుర్చీ, కిర్రుమనే కుర్చీ వద్దు. వెలుగు కిటికీదైతే అది ఆయన ముఖానికి ఒక పక్క నుంచి రావాలి, వెనక నుంచి కాదు. ట్యూబ్‌లైట్ వెలుగుతుంటే సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 1/60 పెడితే బొమ్మలో మిణుకు కనిపించే ప్రమాదం ఉంది.

మొదలుపెట్టే ముందు గానీ ముగిశాక గానీ అందరూ మౌనంగా ఉండి ఒక నిమిషం గది చప్పుడు రికార్డు చేయండి. మాటలు కోసి అతికించినప్పుడు మధ్య ఖాళీలో పడాల్సింది అదే. అది లేకపోతే ప్రతి అతుకు దగ్గరా చప్పుడు ఠక్కున ఆగిపోయి, కోసినట్టు తెలిసిపోతుంది.

మాట్లాడుతుండగా లోపలి నుంచి ఇంటావిడ ‘అది కాదు, అప్పుడు పెద్దాడు ఇంకా పుట్టలేదు’ అని సరిదిద్దితే విసుక్కోకండి. ఆ గొంతు బాగుంటుంది. ఆమె ఒప్పుకుంటే విడిగా ఓ పావుగంట కూర్చోబెట్టండి. మిషన్ అమ్మిన రాత్రి సంగతి ఆమెకే ఎక్కువ తెలిసి ఉండొచ్చు.

6. కట్‌అవే షాట్లు: కొన్ని ముందు, ఎక్కువ తర్వాత

బి-రోల్ అన్నా ఇదే. మాట నడుస్తుండగా తెర మీద కనిపించే మిగతా బొమ్మలు. అందానికి మాత్రమే అనుకుంటారు గానీ, అసలు అవసరం వేరే ఉంది. డెబ్బై నిమిషాల మాటని ఎనిమిది నిమిషాలకి కోస్తే ప్రతి కోతకీ ఆయన తల ఒక చోట నుంచి ఇంకో చోటికి గెంతుతుంది. ఆ గెంతు మీద కప్పడానికి బొమ్మ కావాలి.

ఎన్ని కావాలో లెక్క వేసుకోండి. ఎనిమిది నిమిషాల్లో సగం, అంటే నాలుగు నిమిషాలు కట్‌అవేలు వేస్తే, ఒక్కొక్కటి అయిదు సెకన్ల చొప్పున నలభై ఎనిమిది షాట్లు. సగం పనికిరావనుకుంటే దాదాపు వంద తీయాలి. ‘చివర్లో పది నిమిషాలు తీసేద్దాం’ అంటే కుదరదు.

ఇంటర్వ్యూకి ముందు అరగంట ఆయన మామూలు పని తీయండి: షాపు తలుపు తీయడం, దేవుడి పటానికి అగరబత్తి, మిషనుకి నూనె. దీంతో కెమెరా అలవాటు అవుతుంది. ఇంటర్వ్యూ జరుగుతుండగా నోటు పుస్తకంలో ఒక్కొక్క మాటే రాసుకోండి: ‘నేల గుర్తులు’, ‘కొలతల పుస్తకం’, ‘కాజాలు’, ‘గురువు కత్తెర’. ముగిశాక తీయాల్సిన అసలు జాబితా ఇదే. ముందుగా ఇంట్లో కూర్చుని రాసుకున్న జాబితాలో నేల గుర్తులు ఉండే అవకాశమే లేదు.

ఒక్కో పనికీ అయిదు రకాల షాట్లు తీయండి. కాజా కుట్టడం అనుకుందాం. చేతులు మాత్రమే దగ్గరగా. ముఖం మాత్రమే. చేతులూ ముఖం కలిసి షాపుతో సహా దూరం నుంచి. భుజం మీదుగా, ఆయనకి కనిపించేది మనకీ కనిపించేలా. అయిదోది మీ ఇష్టం: కింద నుంచి, అద్దంలోంచి, వేలాడే బట్టల సందులోంచి. ఈ అయిదూ ఉంటే ఆ పనిని ఎంత చిన్నగా కావాలన్నా, ఎంత పెద్దగా కావాలన్నా ఎడిట్ చేసుకోవచ్చు.

ప్రతి షాటూ కదలకుండా పది సెకన్లు పట్టండి. కొత్తవాళ్ళు మూడు సెకన్లకే కెమెరా తిప్పేస్తారు, లేదా గోడంతా పాములా తడుముతారు. అలాంటివి ఒక్కటీ అతకదు. సౌండ్ కూడా రికార్డు చేయండి. కత్తెర బట్ట మీద నడిచే చప్పుడు, మిషను తొక్కుడు, ఇస్త్రీ పెట్టె కింద తడి బట్ట సుయ్‌మనడం లేకుండా ఆ షాపు తెర మీద చచ్చిపోయినట్టుంటుంది. మైకుని కత్తెర దగ్గరికి తీసుకెళ్ళి చప్పుళ్ళని విడిగా కూడా తీసుకోండి.

లేని పని చేయించకండి. ‘ఒకసారి పాత రోజుల్లోలా హీరో చొక్కా కుడుతున్నట్టు చేయండి మాస్టారూ’ అంటే ఆయన మొహమాటానికి చేస్తాడు, చూసేవాళ్ళకి నటన అని తెలిసిపోతుంది. నిజంగా చేస్తున్న పనిని ‘ఇంకోసారి చేస్తారా, ఇటు నుంచి తీసుకుంటాను’ అనడం వేరు, అందులో తప్పు లేదు.

పాత ఫొటోలు, కొలతల పుస్తకం కిటికీ వెలుగులో తీయండి. ఫ్లాష్ వద్దు, గ్లాసు ఫ్రేములో ఉంటే కాస్త పక్కకి వంచి మెరుపు తప్పించండి. ప్రతి ఫొటోనీ రెండు విధాలుగా: ఒకటి ఆయన వేలు చూపిస్తుండగా, ఒకటి నిండుగా. ఆ సమయంలో కాలర్ మైకు తీయకండి. ‘ఇది వాహినీ స్టూడియోలో’ అని చూపిస్తూ ఇంటర్వ్యూలో చెప్పనివి చెబుతాడు. ఫొటోలో ఎవరెవరున్నారో అప్పుడే రాసుకోండి. సినిమా స్టిల్స్, క్లిప్పుల హక్కులు ఆయనవి కావు, నిర్మాతలవో, కొనుక్కున్నవాళ్ళవో. కాబట్టి మీ సినిమా వాటి మీద ఆధారపడకుండా చూసుకోండి.

బయట షాట్లకి ఆయనతో పాటు నడవండి. ఒకప్పుడు విజయా, వాహినీ స్టూడియోలున్న చోట వడపళనిలో ఇప్పుడు మాల్, ఆస్పత్రి ఉన్నాయి. ‘గేటు ఎక్కడుండేది?’ అని అడిగి, ఆయన చేయి చూపించే వైపు తీయండి. రోడ్డు మీద ట్రైపాడ్ వేస్తే పోలీసులు అనుమతి కాగితం అడగొచ్చు, జనమూ గుమిగూడతారు. చేత్తో పట్టుకుని, గోడకి ఆనుకుని తీసుకుంటే పని తొందరగా అవుతుంది. మాల్ లోపలా, మెట్రో స్టేషన్‌లోనా అనుమతి లేకుండా మొదలుపెట్టకండి.

7. అదే రోజు సాయంత్రం సరిచూసుకోండి

ముందు ఫుటేజ్ రెండు వేరువేరు డ్రైవుల్లోకి కాపీ చేయండి. రెండింట్లోనూ ఫైళ్ళు తెరిచి చూశాకే కార్డు చెరపండి. తర్వాత ఈ మూడు పరీక్షలు.

మొదటిది, మీ ప్రశ్నలు లేకుండా జవాబులు మాత్రమే వినండి. ఈ విషయం తెలియని ఒకరికి వినిపిస్తే ఇంకా మంచిది. ‘ఆయన అంటే ఎవరు?’, ‘ఎక్కడ జరిగింది?’ అని వాళ్ళు ఎక్కడ అడిగితే అక్కడ మీకు లోటు ఉన్నట్టు.

రెండోది, కట్‌అవేలు సౌండ్ తీసేసి వరసగా చూపించండి. ఈయన ఏం పని చేస్తాడో, షాపు పెద్దదో చిన్నదో, పని బాగా నడుస్తోందో లేదో చూసినవాళ్ళు చెప్పగలగాలి. ‘టైలర్’ అన్నంత వరకే చెబితే చేతుల షాట్లు ఉన్నాయి, చోటు షాట్లు లేవని అర్థం.

మూడోది, కాగితం మీద ఎడిట్. ఎడమ వైపు వాడబోయే జవాబులు నిమిషం, సెకనుతో సహా. కుడి వైపు వాటి మీద వేసే షాటు. షూటింగ్‌కి ముందు గీసుకున్న కాగితమే, ఈసారి దొరికినవాటితో. కుడి వైపు ఖాళీలే రెండో రోజు తీయాల్సిన పని. ఖాళీ నింపడానికి పావురాలు, సూర్యాస్తమయం, రైలు పట్టాలు తెచ్చి అతికించొద్దు. ఆ ఖాళీ దగ్గర ఆయన ముఖాన్నే ఉంచడం నయం. కష్టమైన మాట చెబుతున్నప్పుడైతే కప్పడానికి షాటు ఉన్నా వేయకండి, ముఖమే చూపించండి.

రెండో రోజు ఎక్కువలో ఎక్కువ ఒక గంట పెట్టుకోండి. మొదటి రోజు చొక్కానే వేసుకోమని ముందు రోజు ఫోన్ చేసి గుర్తు చేయండి, పేర్లు, చోట్లు మళ్ళీ చెప్పించుకోవాల్సి వస్తే అతుకు తెలియకుండా ఉంటుంది.

ఆయన ఎవరైనా నిర్మాత పేరు పెట్టి డబ్బు ఎగ్గొట్టాడని చెప్పి ఉంటే, ఈ రోజే కెమెరా ఆపి అడగండి: ‘ఆ పేరు సినిమాలో ఉండాలా మాస్టారూ?’ ఆవేశంలో అన్నమాట నిదానంగా ఆలోచిస్తే వద్దనిపించొచ్చు. ఆయన ఉండాలన్నా, రుజువు లేని ఆరోపణ అయితే పేరు తీసేసి సంగతి మాత్రం ఉంచండి. పరువు నష్టం కేసు పడితే మీతో పాటు ఆయన మీదా పడుతుంది.

రఫ్ కట్, అంటే మొదటి ముడి ఎడిట్, తయారయ్యాక లింకు పంపి ఊరుకోకండి. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళి షాపులోనే చూపించండి, ఇంటావిడని కూడా పిలవండి. పేర్లు, సంవత్సరాలు, కుట్టు పని వివరాలు ఏవి తప్పని చెప్పినా దిద్దండి. తనకో, ఇంట్లోవాళ్ళకో ఇబ్బంది కలిగించే మాట తీయమంటే తీసేయండి. ‘ఇక్కడ నేను మరీ ముసలాడిలా ఉన్నాను’ అంటే మాత్రం ఆ షాటు ఎందుకు ఉంచారో చెప్పి, ఉంచమని అడగండి.